డోసు వర్క్‌షీట్: జవాబు కరెక్టే, 'సేఫ్టీ చెక్' గడిలో మాత్రం సున్నా

జీఎన్ఎం_సెకండియర్
ఫార్మకాలజీ మేడం డోసు లెక్కల వర్క్‌షీట్ ఇచ్చారు. ప్రతి లెక్కకీ రెండు గళ్ళు, ఒకటి జవాబుకి, ఇంకోటి 'సేఫ్టీ చెక్'కి. మూడు లెక్కల్లో రెండు జవాబులు కీతో కలిశాయి. చెక్ గడిలో మాత్రం మూడింటికీ సున్నా వేశారు! నేను రాసింది "మళ్ళీ చేసి చూశాను, అదే వచ్చింది" అని. పక్కన ఎర్ర ఇంకుతో "ఇది చెక్ కాదు" అని రాసిచ్చారు. చెక్ అంటే మరి ఇంకేంటో చెప్పలేదు. రేపు మళ్ళీ రాసి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. లెక్కలు ఇవీ.

1. బిడ్డ బరువు 8 కిలోలు. పారాసెటమాల్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున, ఆరు గంటలకోసారి. సిరప్ 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఒక్కో డోసుకి ఎన్ని మి.లీ.? నాకు 2.4 వచ్చింది.

2. ఇన్సులిన్ 20 యూనిట్లు రాశారు. వయల్ మీద మి.లీ.కి 40 ఐయూ అని ఉంది. వార్డులో 100 యూనిట్ల సిరంజి మాత్రమే ఉంది. ఏ గీత దాకా లాగాలి? నాకు 50 వచ్చింది.

3. పేషెంటు 60 కిలోలు. డోపమైన్ కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు. 200 మి.గ్రా. మందు 50 మి.లీ. సిరంజిలో కలిపి పంపుకి పెట్టారు. గంటకి ఎన్ని మి.లీ.? నాకు 0.075 వచ్చింది, కీలో 4.5 ఉంది. ఎక్కడ పోయిందో తెలియట్లేదు.

లెక్కల_మాస్టారు
నేను నర్సునీ కాదు, డాక్టర్నీ కాదు. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సరిచూడటం అంటే జవాబు దగ్గర బయల్దేరి ప్రశ్న దాకా వెనక్కి నడవడం. మొదటి లెక్క చూడమ్మా. 5 మి.లీ.లో 250 అంటే 1 మి.లీ.లో 50. 2.4 ని 50 తో గుణిస్తే 120. దాన్ని 8 తో భాగిస్తే 15. ప్రశ్నలో ఉన్న 15 వచ్చేసింది కాబట్టి ఒప్పు. ఆ రెండు వరుసలూ గడిలో రాసి ఇచ్చెయ్.

బీఎస్సీ_భాను
మాస్టారు చెప్పినట్టే మా కాలేజీలోనూ రాయిస్తారు. దానికే మార్కులేశారు.

నైట్‌డ్యూటీ_పద్మ
మాస్టారి పద్ధతి మంచిదే కానీ అది సగమే. వెనక్కి నడిస్తే గుణకారంలో, భాగహారంలో దొర్లిన తప్పు దొరుకుతుంది. మొదట్లోనే తప్పు అంకె ఎక్కించుకుంటే మాత్రం దొరకదు.

మొదటి లెక్కే తీసుకుందాం. నీ ముందున్న సీసా నిజానికి 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నది. నువ్వు హడావిడిలో 250 అనుకున్నావు. ముందుకి చేస్తే 2.4, వెనక్కి చేస్తే 15, కాగితం మీద అంతా ఒప్పే. బిడ్డ కడుపులోకి వెళ్ళింది మాత్రం 58 మి.గ్రా. లోపు, అంటే కావలసిన దాంట్లో సగం కూడా కాదు. జ్వరం తగ్గకపోతే "మందు పనిచెయ్యట్లేదు" అని రాసుకుంటారు.

మీ మేడం అడుగుతున్నది లెక్క బయటి నుంచి వచ్చే చెక్. నేను కొత్త పిల్లలకి చెప్పేది ఇది. పెన్ను పెట్టకముందే ఓ అంచనా వేసుకో. 5 మి.లీ.లో 250 ఉంది, నాకు 120 కావాలి, అంటే సగానికి కాస్త తక్కువ. కాబట్టి జవాబు 2.5 కంటే కొంచెం కిందే రావాలి. ఆ తర్వాత 24 వచ్చినా 0.24 వచ్చినా నీకే వెంటనే తేడా తెలుస్తుంది.

రెండోది రోజంతటి లెక్క. ఆరు గంటలకోసారి అంటే నాలుగు సార్లు, 480 మి.గ్రా. 8 కిలోలకి పంచితే కిలోకి 60. మా పిల్లల వార్డులో రోజుకి 60 దాటనివ్వరు. అంటే ఈ ఆర్డర్ సరిగ్గా హద్దు మీద నిలబడి ఉంది. సాయంత్రం జ్వరం మళ్ళీ వచ్చిందని ఐదో డోసు వేస్తే దాటినట్టే. గడిలో ఈ మాట ఉంటే నేనైతే పూర్తి మార్కులేస్తాను.

బీఎస్సీ_భాను
పద్మక్కా, మా పుస్తకంలో రోజుకి కిలోకి 75 అని ఉంది. 60 కాదు.

నైట్‌డ్యూటీ_పద్మ
ఉంటుంది. అమెరికా పుస్తకాల్లో 75 కనపడుతుంది. ఇక్కడ చాలామంది పిల్లల డాక్టర్లు 60 దగ్గర ఆపుతారు. నువ్వు ఏ హద్దుతో పోల్చావో అది గడిలో రాయి. హద్దు రాయకుండా ఉత్తినే "సేఫ్" అని రాస్తే దేనికి సేఫో ఎవరికి తెలుస్తుంది?

బీఎస్సీ_భాను
మరి పరీక్షలో ఏది రాయాలి? ఒక్కో మేడం ఒక్కోటి అంటారు.

మందులషాపు_రాజు
అది దేవుడికే తెలియాలి తమ్ముడూ.

బాబు_వాళ్ళమ్మ
మా బాబు కూడా 8 కిలోలే అండి, రాత్రి నుంచి జ్వరం. ఇంట్లో పారాసెటమాల్ డ్రాప్స్ ఉన్నాయి. అయితే 2.4 మి.లీ. పట్టచ్చా?

మందులషాపు_రాజు
ఆగండమ్మా, పట్టకండి! ఇది పరీక్ష లెక్క, మీ సీసా లెక్క కాదు. డ్రాప్స్ చాలా చిక్కగా ఉంటాయి, మామూలుగా ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. 2.4 పడితే 240 మి.గ్రా., అంటే ఈ లెక్కలో డోసుకి రెట్టింపు. సీసా తిప్పి ఏం రాసుందో చదివి, డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి.

బాబు_వాళ్ళమ్మ
చూశానండి. డ్రాప్స్ మీద "ప్రతి మి.లీ.లో 100 మి.గ్రా." అని ఉంది. ఫ్రిజ్ మీద ఇంకో సిరప్ దొరికింది, దాని మీద 5 మి.లీ.కి 125 అని ఉంది. రెండు అట్టపెట్టెల మీదా నవ్వే పాపాయి బొమ్మే! డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన కూడా ముందు అడిగింది "ఏ సీసా?" అనే.

నైట్‌డ్యూటీ_పద్మ
సెకండియర్ అమ్మాయ్, నీ మొదటి గడికి మూడో వరుస ఇదిగో, ఈవిడ రాసిచ్చేశారు. "లేబుల్ మళ్ళీ చదివాను, 5 మి.లీ.లో 250, డ్రాప్స్ కాదు."

ఊరికే_చదివేవాడు
మా ఇంట్లో యూనిట్ ఒక్కటే, "ఓ చెంచాడు". ఏ చెంచా అని అడిగితే అదే చెంచాతో మొట్టేది మా నాయనమ్మ.

మందులషాపు_రాజు
నవ్వకండి సార్, సగం తప్పులు ఆ చెంచా దగ్గరే. సిరప్ మూత మీద 2.5, 5 గీతలుంటాయి. 2.4 కి గీత ఎక్కడుంటుంది? వర్క్‌షీట్‌లో 2.5 అని రాసినా పోయేదేముంది?

నైట్‌డ్యూటీ_పద్మ
ఒక్క డోసుకి పెద్ద తేడా లేదు. 125 మి.గ్రా., కిలోకి 15.6. కానీ నాలుగు సార్లకి 500, అంటే కిలోకి 62.5. హద్దు మీద నిలబడ్డ ఆర్డర్‌ని మనమే అవతలికి తోసినట్టు. సూది తీసేసిన 5 మి.లీ. సిరంజిలో గీతకి 0.2 ఉంటుంది కాబట్టి 2.4 చక్కగా దొరుకుతుంది.

మందులషాపు_రాజు
వార్డులో సరే. నా షాపుకి వచ్చేవాళ్ళలో సిరంజి అడిగేవాళ్ళు నూటికి ఒకరుండరు. అందరూ మూతతోనే కొలుస్తారు. డాక్టర్లు రాసేది కూడా 2.5 అనే. మీరు చెప్పింది తప్పనను, కానీ ఇంట్లో జరిగేది వేరు.

బీఎస్సీ_భాను
రెండో లెక్క నాకు అర్థం కాలేదు. యూనిట్ అంటే యూనిటే కదా! 20 యూనిట్లు అంటే ఏ సిరంజిలోనైనా 20 గీత దాకా లాగితే సరిపోవాలి. కీలో 50 ఎలా వచ్చింది? కీ తప్పేమో.

మందులషాపు_రాజు
తమ్ముడూ, అక్కడే పప్పులో కాలేశావ్. సిరంజి యూనిట్లు కొలవదు, నీళ్ళు కొలుస్తుంది. మన దగ్గర ఎర్ర మూత సిరంజి 40 వయల్ కోసం, దాంట్లో 40 గీతలు కలిపితే 1 మి.లీ. నారింజ మూత సిరంజి 100 వయల్ కోసం, దాంట్లో 100 గీతలకి 1 మి.లీ. నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ. 40 వయల్‌లోంచి 0.2 తీస్తే 8 యూనిట్లే. 20 కావాలంటే 0.5 మి.లీ. తీయాలి, ఆ సిరంజిలో అది 50 గీత.

లీడ్స్‌లో_లక్ష్మి
ఇది మా ఇంట్లోనే జరిగింది. ఇక్కడ ఇంగ్లండులో మామూలు ఇన్సులిన్ అంతా మి.లీ.కి 100 దే, సిరంజీలూ దానివే. మా మామయ్య నా దగ్గర రెండు నెలలుండి, వెళ్ళేటప్పుడు ఓ ప్యాకెట్ సిరంజీలు పట్టుకెళ్ళారు. ఊళ్ళో వయల్ కొన్నారు, అది 40 ది. ఆయన చాలా పద్ధతైన మనిషి, రోజూ సరిగ్గా 20 గీత దాకా లాగేవారు. అంటే రోజూ 8 యూనిట్లే వేసుకుంటున్నారన్నమాట. వారానికి షుగర్ 400 దాటింది. అందరూ కలిసి "స్వీట్లు తింటున్నావ్" అని ఆయన్నే తిట్టారు, నేనూ ఫోన్లో తిట్టాను. చివరికి వీడియో కాల్‌లో ఆయన సిరంజి పైకెత్తితే నారింజ మూత కనపడింది. ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

నైట్‌డ్యూటీ_పద్మ
లక్ష్మీ, మీ మామయ్య ఓ రకంగా అదృష్టవంతుడు. తిరగేసి ఆలోచించండి. 100 వయల్, ఎర్ర మూత సిరంజి, 20 గీత. వచ్చేది 0.5 మి.లీ., అంటే 50 యూనిట్లు. రాత్రి భోజనం ముందు అది పడితే తెల్లారేసరికి పేషెంటు చెమటలు పట్టి, పిలిస్తే పలక్కుండా ఉంటాడు.

సెకండియర్ అమ్మాయికి: నీ జవాబు 50 సరైనదే. వెనక్కి చూస్తే 50 గీత అంటే 0.5 మి.లీ., దాన్ని 40 తో గుణిస్తే 20. మాస్టారి పద్ధతి ఇక్కడా పాసే. కానీ చెక్ గడిలో రాయాల్సింది "ఇది కాగితం మీద చేసే లెక్కే, వార్డులో చేయను, 40 సిరంజి తెప్పిస్తాను" అని. ఎందుకంటే నువ్వు 50 గీత దాకా లాగి ట్రేలో పెట్టావు. పక్కన నిలబడి చూసే సిస్టర్‌కి అందులో కనపడేది 50. ఆర్డర్ 20. ఆవిడ దేన్ని చెక్ చేస్తుంది? రేపు స్టోర్ నుంచి 100 వయల్ వస్తే, "నిన్న 50 దాకా లాగాం కదా" అని మళ్ళీ అదే లాగితే కొంప మునుగుతుంది.

బీఎస్సీ_భాను
ఒప్పుకుంటున్నా, కీ కరెక్టే. కానీ అక్కా, రాత్రి రెండింటికి స్టోర్‌కి తాళం, ఎర్ర మూత సిరంజి లేదు, షుగర్ 450. అప్పుడేం చేస్తారు?

నైట్‌డ్యూటీ_పద్మ
పక్క వార్డుకి పరిగెత్తుతాను. అక్కడా లేకపోతే డాక్టర్‌కి చెప్పి, గీతకి 0.01 మి.లీ. ఉండే 1 మి.లీ. సిరంజిలో 0.5 తీస్తాను. దాని మీద యూనిట్ల గీతలుండవు కాబట్టి కనీసం తప్పు అంకె చూపించదు. ఇంకో సిస్టర్ నా జవాబు చూడకుండా తన లెక్క తను వేసుకోవాలి. ఇద్దరిదీ కలిస్తేనే వేస్తాను.

లీడ్స్‌లో_లక్ష్మి
దీనికి మాత్రం నేను ఒప్పుకోను పద్మగారూ. ఇక్కడ ఇన్సులిన్‌ని ఇన్సులిన్ సిరంజి కాకుండా వేరే దాంట్లో లాగడమే నిషేధం. మామూలు సిరంజిలో పదింతలు లాగేసిన కేసులు చూశాకే ఆ రూలు పెట్టారు.

నైట్‌డ్యూటీ_పద్మ
మీ దగ్గర ఒకే బలం వయల్, ఒకే సిరంజి, కాబట్టి ఆ రూలు కుదురుతుంది. ఇక్కడ ఒకే ట్రేలో రెండు రకాల వయల్స్, రెండు రకాల సిరంజీలు. మీ రూలు ఉన్నది ఉన్నట్టు తెస్తే ఆ రాత్రి పేషెంటుకి అసలు మందే పడదు. అలాగని నాది మంచి పద్ధతి అని కూడా అనను, గతిలేనప్పుడు చేసేది.

జీఎన్ఎం_సెకండియర్
నేను జవాబు గడిలో "20U = 50 గీత" అని రాశాను. U చుట్టూ కూడా ఎర్ర సున్నా చుట్టారు. అదెందుకు?

మందులషాపు_రాజు
నీ U కాస్త మూసుకుపోతే 200 అవుతుంది తల్లీ. చీటీలు చదివి చదివి చెప్తున్నా. "యూనిట్లు" అని పూర్తిగా రాయి. అలాగే 5.0 అని రాయకు, చుక్క కనపడకపోతే 50. సున్నా లేకుండా .5 అనీ రాయకు, అది 5 అవుతుంది.

లెక్కల_మాస్టారు
మూడో లెక్కలో పాప తప్పు దొరికింది. 5 ని 60 తో గుణిస్తే 300. అక్కడ ఆగిపోయింది. 200 మి.గ్రా. 50 మి.లీ.లో అంటే మి.లీ.కి 4 మి.గ్రా., అంటే 4000 మైక్రోగ్రాములు. 300 ని 4000 తో భాగిస్తే 0.075. ఇది నిమిషానికి. గంటకి కావాలంటే ఇంకో 60 తో గుణించాలి, అప్పుడు 4.5.

జీఎన్ఎం_సెకండియర్
అయ్యో, నేను 60 తో గుణించానే అనుకున్నా! అది కిలోల 60. నిమిషాల 60 కూడా అయిపోయిందనుకున్నా.

నైట్‌డ్యూటీ_పద్మ
ఈ లెక్క ఇచ్చిన మేడం తెలివైనావిడ. కావాలనే 60 కిలోలు పెట్టి ఉంటారు. బరువు 48 పెట్టుకుని మళ్ళీ చెయ్యి, రెండు 60 లు విడిపోతాయి. 48 కి నిమిషానికి 240 మైక్రోగ్రాములు, గంటకి 14,400, అంటే 14.4 మి.గ్రా., దాన్ని 4 తో భాగిస్తే 3.6 మి.లీ.

ఇక చెక్ సంగతి. ఇక్కడ అంచనా కంటే మంచి ప్రశ్న ఒకటుంది: ఈ సిరంజి ఎంతసేపు వస్తుంది? నీ 0.075 తో నడిపితే 50 మి.లీ. సిరంజి ఇరవై ఏడు రోజులు దాటి నడుస్తుంది. బీపీ పడిపోతున్న మనిషికి నెలకో సిరంజి! మా పంపుల్లో చాలావాటికి 0.1 కంటే తక్కువ అంకె కొట్టడమే కుదరదు. ఇంకో రకం తప్పు కూడా చూశాను, మైక్రోగ్రాముల్ని మి.గ్రా.లోకి మార్చకుండా 18,000 ని 4 తో భాగించడం. 4500 మి.లీ. వస్తుంది. ఆ వేగానికి సిరంజి నలభై సెకన్లలో ఖాళీ. 4.5 అయితే పదకొండు గంటలు, అంటే నా నైట్ డ్యూటీలో సుమారుగా ఒక సిరంజి. మేం పంపు ముందు నిలబడి చూసుకునేది అదే.

ఊరికే_చదివేవాడు
నెలకో సిరంజి అంటే మా కేబుల్ బిల్లులాగా ఉంది.

బీఎస్సీ_భాను
ఒక డౌట్. డోపమైన్ యాంప్యూల్ 5 మి.లీ. ఉంటుంది కదా. మా వార్డులో ఓ సిస్టర్ 50 మి.లీ. సెలైన్ లాగి దాంట్లో యాంప్యూల్ కలపడం చూశాను. అప్పుడు మొత్తం 55 కదా?

నైట్‌డ్యూటీ_పద్మ
శభాష్ భానూ. 45 సెలైన్‌లో 5 కలిపితేనే 50. 55 అయితే మి.లీ.కి 4 కాదు, 3.6 చిల్లర. పంపు 4.5 మీదే పెడితే పేషెంటుకి అందేది 5 కాదు, 4.5 మైక్రోగ్రాములు.

లీడ్స్‌లో_లక్ష్మి
డోపమైన్‌కి అది అంత పెద్ద విషయమా? బీపీ చూసుకుంటూ ఎలాగూ పెంచుతాం, తగ్గిస్తాం కదా.

నైట్‌డ్యూటీ_పద్మ
ఒక్క సిరంజికైతే కాదు. కానీ నా సిరంజి 50, తర్వాత వచ్చే సిస్టర్‌ది 55 అయితే, సిరంజి మార్చిన ప్రతిసారీ బీపీ కదులుతుంది. పంపు మీద అంకె మారలేదు, మరి బీపీ ఎందుకు పడిందని డాక్టర్ అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. నాకు ఒకసారి అలా అయింది. రాత్రంతా వెతికి, కలిపిన తీరు వేరని తెల్లారుజామున బయటపడింది.

లెక్కల_మాస్టారు
ఒప్పుకున్నానమ్మా. నేను వెనక్కి నడిచినా 4 తోనే గుణిస్తాను, 55 సంగతి నాకెప్పటికీ దొరకదు.

జీఎన్ఎం_సెకండియర్
ఇచ్చేశాను. మొదటిదానికి, రెండోదానికి చెక్ మార్కులు పడ్డాయి. రెండోదాని పక్కన "సిరంజి తెప్పించు, సరే" అని రాశారు. మూడోదానికి సిరంజి పదకొండు గంటలొస్తుందని రాస్తే టిక్ పెట్టారు. కానీ 55 గురించి కూడా రాస్తే సగం మార్కు కొట్టేసి, "మొత్తం 50 మి.లీ. అని ప్రశ్నలోనే ఉంది" అన్నారు.

నైట్‌డ్యూటీ_పద్మ
ఆవిడ చెప్పింది నిజమే. ప్రశ్నలో ఉంది.

బీఎస్సీ_భాను
నేనైతే ఆ సగం మార్కుకి వెళ్ళి అడుగుతా.

బాబు_వాళ్ళమ్మ
బాబుకి జ్వరం తగ్గింది, అందరికీ థ్యాంక్స్. డాక్టరుగారు చెప్పినట్టు ఒకటే సీసా ఉంచుకుని, రెండోది అత్తగారికి కనపడకుండా పైన పెట్టేశాను.

బీఎస్సీ_భాను
పద్మక్కా, మా వర్క్‌షీట్‌లో మైక్రో డ్రిప్ సెట్ లెక్క ఒకటుంది. 500 మి.లీ., 8 గంటలు. కొత్తగా వేరే పెట్టనా, ఇక్కడే అడగనా?

నైట్‌డ్యూటీ_పద్మ
వేరే పెట్టు. లెక్క చెయ్యకముందు నిమిషానికి ఎన్ని చుక్కలొస్తాయనుకుంటున్నావో అది మొదటి వరుసలో రాయి. నేను డ్యూటీ దిగి చూస్తాను.